సంక్రాంతి సెలవుకి ఆటో రిప్లై: ఎవరి పేరు ఇవ్వాలి, ఏ తేదీ వేయాలి, ఏది ఆగుతుంది?

ప్రశ్న: రాయగడలో ఒక ట్రేడింగ్ ఆఫీసులో బిల్లింగు, డిస్పాచ్ రెండూ నేనే చూస్తాను. భోగి ముందురోజు, అంటే 2026 జనవరి 13న ఊరికి బయల్దేరి మళ్లీ 19 సోమవారమే వస్తాను. జీమెయిల్‌లో ఆటో రిప్లై పెట్టి వెళ్లమని సార్ అన్నారు. పోయినసారి 'సెలవులో ఉన్నాను' అని ఒక్క లైను పెడితే పండగంతా ఫోన్లు మోగుతూనే ఉన్నాయి. ఈసారి ఏం రాస్తే ఆగుతాయి? నా బదులు ఎవరి పేరు ఇవ్వాలి?

జవాబు:

మెసేజ్ రాయడానికి పది నిమిషాలు చాలు. అసలు పని దానికి ముందే ఉంది. మీరు పేరు ఇచ్చే మనిషి చేతిలో ఆ పని చేసే అధికారం ఉందా, లేదా అన్నది తేలాలి. అది తేలకుండా ఎంత చక్కగా రాసినా ఫోన్ తిరిగి తిరిగి మీకే వస్తుంది. నేను బరంపురంలో ఇలాంటి సీట్లోనే పనిచేస్తున్నాను కాబట్టి మీ అవస్థ తెలుసు.

ముందు పేరు సంగతి. మనకి చప్పున గుర్తొచ్చేది ఆఫీసులో ఉన్న ఇంకో తెలుగు మనిషి. చనువుంటుంది, అడగడం సులువు. కానీ ఆ మనిషీ 13 సాయంత్రం అదే బస్సెక్కుతారు కదా. ఒడియా వాళ్లకి మకర సంక్రాంతి ఒక్కరోజు ముచ్చట. మనకి భోగి, పెద్దపండగ, కనుమ, ముక్కనుమ అయితే గానీ కాలు కదలదు. అందుకే ఈ సెలవుకి ఒడియా సహోద్యోగి పేరే సరైనది. మా ఆఫీసులో ఒకావిడకీ నాకూ ఒప్పందం ఉంది: సంక్రాంతికి నా సీటు ఆవిడ చూస్తుంది, జూన్‌లో రజ పండుగ మూడు రోజులూ ఆవిడ సీటు నేను చూస్తాను. ఇలా ఇచ్చిపుచ్చుకోవడం ఉంటే అడగడానికి మొహమాటం ఉండదు. అడక్కుండా మాత్రం ఎవరి పేరూ, ఎవరి నంబరూ వేయకండి. ఆ మనిషి ఏ భాషలు మాట్లాడతారో కూడా మెసేజ్‌లో ఒక ముక్క రాయండి. శ్రీకాకుళం వైపు నుంచి ఫోన్ చేసేవాళ్లు తెలుగులో మొదలుపెట్టి, అవతల అర్థం కాక పెట్టేసి, మళ్లీ మీకే చేస్తారు.

ఇక అధికారం సంగతి. మీది డిస్పాచ్ కాబట్టి ఈ-వే బిల్లుతోనే చెబుతాను. రాయగడ నుంచి నాగపూర్‌కి లోడు వెళ్లిందనుకోండి. బిల్లులో వాహనం నంబరు మీరే నింపారు. పండగ మధ్యలో ఒక సాయంత్రం దారిలో యాక్సిల్ విరిగి లారీ ఆగింది. బిల్లు గడువు ఆ రాత్రితో అయిపోతుంది. గడువు పొడిగించుకోవడానికి అది ముగిసేందుకు 8 గంటల ముందు నుంచి, ముగిసిన 8 గంటల తర్వాత వరకే వీలుంటుంది. గడువు అర్ధరాత్రికి ముగుస్తుంది కాబట్టి సాయంత్రం 4 నుంచి మర్నాడు ఉదయం 8 లోపు ఆ పని అయిపోవాలి. సాయంత్రం ఆరున్నరకి కొనుగోలుదారు మీకు మెయిల్ పెట్టాడు. మీ ఆటో రిప్లై వెళ్లింది, అందులో మీ సహోద్యోగి ఈమెయిల్ మాత్రమే ఉంది. ఆవిడ ఆఫీసు వదిలి ఇంటికెళ్లిపోయింది, ఆ మెయిల్ చూసేది మర్నాడు పదింటికి. అప్పటికి కథ అయిపోయింది. బిల్లు చెల్లని లారీని రోడ్డు మీద ఆపితే పెనాల్టీ దాకా పోతుంది. కాబట్టి అర్జంటు పనికి ఇచ్చే కాంటాక్టులో ఈమెయిల్ ఒక్కటే చాలదు, ఫోన్ నంబరు ఉండి తీరాలి.

సరే, ఫోన్ నంబరు ఉంది, ఆవిడ ఎత్తింది. లాగిన్ అవడానికి కూర్చుంది. ఓటీపీ ఎవరి ఫోనుకి వస్తుంది? ఈ-వే బిల్లు పోర్టల్‌లో 2025 ఏప్రిల్ 1 నుంచి అందరికీ ఓటీపీతో లాగిన్ తప్పనిసరి చేశారు. మీ యూజర్ పేరు, పాస్‌వర్డ్ ఆవిడకి చెప్పి వెళ్లినా ఓటీపీ మీ ఫోనుకే వస్తుంది. మీరేమో సిగ్నల్ లేని చోట ఉంటారు, ఆ పక్కనే మైకుల మోత. పోయినసారి మీకు ఫోన్లు ఆగకపోవడానికి ఇలాంటిదే కారణమై ఉండొచ్చు, ఒకసారి గుర్తు చేసుకోండి.

దీనికి దారి ఉంది. పోర్టల్‌లో మెయిన్ లాగిన్ నుంచి User Management లోకి వెళ్లి ఆవిడ పేరు మీద సబ్ యూజర్‌ని చేయించండి. ఆవిడ సొంత మొబైల్ నంబరే ఇవ్వండి, ఓటీపీ అక్కడికే వెళ్తుంది. మెయిన్ లాగిన్ సార్ దగ్గరో ఆడిటర్ దగ్గరో ఉంటే వారం ముందే అడగాలి, 12 సాయంత్రం అడిగితే అవదు. చేశాక ఒకసారి ఆవిడ చేతే లాగిన్ చేయించి, Extend Validity ఎక్కడుందో చూపించండి. అక్కడ కారణం, లారీ ఇప్పుడున్న చోటి పిన్‌కోడ్, ఇంకా వెళ్లాల్సిన దూరం అడుగుతుంది. ఒకటి గమనించండి. బిల్లులో ట్రాన్స్‌పోర్టర్ ఐడీ ఇచ్చి, వాహనం వివరాలు వాళ్లకే వదిలేసి ఉంటే పొడిగించాల్సింది ట్రాన్స్‌పోర్టరే, మీ ఆఫీసు కాదు. అలాంటి లోడుకి ఆవిడ దగ్గర ట్రాన్స్‌పోర్ట్ ఆఫీసు నంబరు ఉంటే చాలు.

ఏది ఆగుతుంది, ఏది ఆగదు అన్నది కూడా ఇలాంటి గడువులే చెబుతాయి. ముఖ్యమైన పనులు, మామూలు పనులు అని విడదీయకండి, ఎవరి పని వాళ్లకి ముఖ్యమే. మీరు తిరిగొచ్చే లోపు గడువు దాటిపోయేది ఏదో అదే ఆగనిది. దారిలో ఉన్న లోడు ఆగదు. ఈ-ఇన్‌వాయిస్ తప్పుగా కొడితే అది కూడా ఆగదు, ఎందుకంటే రద్దు చేయడానికి 24 గంటలే టైము, ఆ తర్వాత క్రెడిట్ నోటు దారి పట్టాల్సిందే. లెడ్జర్ కాపీలు, బ్యాలెన్స్ కన్ఫర్మేషన్లు, కొత్త రేట్లు, వెండర్ ఫారాలు హాయిగా ఆగుతాయి.

మధ్యరకం ఒకటుంది, మీ తేదీలకి సరిగ్గా అదే తగులుతోంది. నెలనెలా రిటర్న్ వేసేవాళ్లకి జీఎస్టీఆర్-1 గడువు 11, కొనుగోలుదారుకి జీఎస్టీఆర్-2బి తయారయ్యేది 14, జీఎస్టీఆర్-3బి గడువు 20. అంటే 'మీ బిల్లు మా 2బిలో కనపడట్లేదు' అనే మెయిళ్లు మీరు గారెలు తింటున్నప్పుడే వస్తాయి. మీరొచ్చేది 19, వాళ్ల గడువు 20. ఇది ఆగుతుంది, కానీ అంచు మీద ఆగుతుంది. అందుకే మెసేజ్‌లో దీని పేరెత్తి, 19నే మొదట చూస్తానని రాయండి. ఆ ఒక్క లైనుతో సగం ఫోన్లు తగ్గుతాయి. ఎందుకంటే వాళ్ల టెన్షన్ జవాబు రావడం గురించి కాదు, 20 దాటుతుందేమోనని.

తేదీ విషయంలో 'పండగ తర్వాత వస్తాను' అని రాయకండి. భువనేశ్వర్‌లో చదివేవారికి పండగ మర్నాడే అయిపోతుంది. '18 వరకు సెలవు' అన్నా 18న ఉంటారా లేదా అని తికమకే. సీట్లో కూర్చునే రోజు, వారం పేరుతో సహా రాయండి. వచ్చిన రోజే అన్నిటికీ జవాబిస్తానని మాట ఇవ్వకండి, ఆరు రోజుల మెయిళ్లు కూడి ఉంటాయి. మిగతా వాటికి ఇంకో రోజు అడిగి పెట్టుకోండి.

మీరు ఇంగ్లీషులో పెడతారు, విషయం మాత్రం ఇదీ:

సబ్జెక్టు: జనవరి 19 సోమవారం తిరిగి వస్తాను – దారిలో ఉన్న లోడుకి ఈ నంబరుకి ఫోన్ చేయండి: (ఫోన్ నంబరు)

నమస్కారం. నేను జనవరి 13 మంగళవారం నుంచి సెలవులో ఉన్నాను. 19 సోమవారం ఉదయం 10 గంటలకి ఆఫీసులో ఉంటాను.
దారిలో ఉన్న లోడు, ఈ-వే బిల్లు గడువు, ఈరోజే కొట్టిన బిల్లులో తప్పు: వీటికి మా డిస్పాచ్‌లో (పేరు) గారికి (ఫోన్ నంబరు)కి ఫోన్ చేయండి. ఒడియా, హిందీ మాట్లాడతారు. ఈ-వే బిల్లు నంబరు, లారీ నంబరు, లారీ ఉన్న చోటి పిన్‌కోడ్ దగ్గర పెట్టుకోండి.
2బిలో కనపడని బిల్లుల సంగతి 19నే మొదట చూస్తాను. బిల్లు నంబరు, తేదీ ఈ మెయిల్‌కే జవాబుగా పంపి ఉంచండి.
లెడ్జర్లు, రేట్లు, ఫారాల గురించి రాసినవారికి 21 బుధవారం లోపు జవాబిస్తాను. మళ్లీ గుర్తు చేయనవసరం లేదు.

ఎక్కడికి వెళ్తున్నారో, ఎందుకో రాయలేదు చూడండి. ఈ మెసేజ్ ముక్కూమొహం తెలియనివారికి కూడా వెళ్తుంది. ఇంటికి తాళం వేసుందని వాళ్లందరికీ చెప్పడం ఎందుకు? చివర 'అర్జంటైతే నాకు ఫోన్ చేయండి' అని కూడా తగిలించకండి. మర్యాదకని రాస్తాం గానీ, అది చదివాక పైన ఉన్న పేరు ఎవరూ చూడరు.

జీమెయిల్‌లో See all settings తెరిచి, General పేజీలో అడుగున Vacation responder లో ఇది పెట్టాలి. First day 13, Last day 18 ఇవ్వండి. 18 రాత్రి దానంతటదే ఆగిపోతుంది. Last day ఖాళీగా వదిలేస్తే 22న రాసినవారికి కూడా '19న వస్తాను' అని పోతుంది. ఇంకో మెలిక ఉంది. ఒకే మనిషి ఎన్ని మెయిళ్లు పెట్టినా జీమెయిల్ నాలుగు రోజులకి ఒక్కసారే ఈ జవాబు పంపుతుంది. 13న లెడ్జర్ అడిగిన కొనుగోలుదారు 15 రాత్రి లారీ ఆగిందని రాస్తే రెండోసారి ఏమీ వెళ్లదు. ఫోన్ నంబరు సబ్జెక్టులోనే పెట్టమన్నది అందుకే, మొదటిసారి వచ్చింది వెతికితే తెరవకుండానే కనపడుతుంది. మధ్యలో మీరు మెసేజ్ మారిస్తే మాత్రం లెక్క మళ్లీ మొదలై అందరికీ కొత్తగా వెళ్తుంది, కాబట్టి కామాలు దిద్దుతూ కూర్చోకండి.

డ్రైవర్లు ఎలాగూ మెయిల్ పెట్టరు. వాట్సాప్ బిజినెస్ వాడుతుంటే అందులో Away message లో మొదటి రెండు లైన్లు, ఆవిడ నంబరు పెట్టండి. బయల్దేరేముందు రెండిటికీ ఇంకో ఐడీ నుంచి, ఇంకో ఫోన్ నుంచి ఒక్కో మెసేజ్ పంపి చూసుకోండి. 13కి ముందు చూస్తే మెయిల్ నుంచి ఏమీ రాదు, First day పెట్టిన తేదీ ఇంకా రాలేదు కదా. అందుకని 12న First day ని ఆ రోజుకే మార్చి పరీక్షించి, తర్వాత 13కి తిప్పండి.