డిస్పాచ్‌కి ముందు ఫ్యాక్టరీని ఇన్‌స్పెక్షన్ తేదీ, పాస్-ఫెయిల్ లెక్క ఎలా అడగాలి?

ప్రశ్న: మాది బెంగళూరు. చెన్నై అంబత్తూరులో ఒక ఫ్యాక్టరీకి లోగో ప్రింట్ ఉన్న 2,400 బ్యాక్‌ప్యాక్‌లు ఆర్డర్ ఇచ్చాం. 30 శాతం అడ్వాన్స్ కట్టాం, 25న డిస్పాచ్. ఇన్‌స్పెక్షన్ సంగతి అడిగితే "మా క్యూసీ వాళ్లు చూస్తారు సార్, ఏక్యూఎల్ 2.5" అన్నారు. ఇది చాలా? ఇంకేం అడగాలి?

జవాబు:

చాలదండీ. ఏక్యూఎల్ అంటే శాంపిల్ తీసి చూసేటప్పుడు ఒప్పుకునే లోపాల హద్దు. "ఏక్యూఎల్ 2.5" అనేది సగం మాటే. ఎన్ని పీసులు తీస్తారు, దేన్ని లోపం అంటారు, సరుకు ఎంతవరకు తయారయ్యాక తీస్తారు అన్న మూడూ రాతలో లేకపోతే ఆ 2.5ని పట్టుకుని మీరు ఏదీ నిలదీయలేరు. ఫోన్‌లో కాకుండా మెయిల్‌లో అడగండి. మిగిలిన 70 శాతం మీ చేతిలో ఉండగానే అడగండి.

ముందు పీసుల లెక్క. ఇక్కడ అందరూ వాడే పట్టికలు భారత ప్రమాణం ఐఎస్ 2500 మొదటి భాగంలో ఉంటాయి, ఐఎస్ఓ 2859-1 లోనివీ అవే. మీ 2,400 సంఖ్య 1,201 నుంచి 3,200 వరుసలోకి వస్తుంది. ఎన్ని తీయాలో తేల్చేది లెవెల్. జనరల్ లెవెల్ 2 తీసుకుంటే 125 బ్యాగులు చూడాలి. మేజర్ లోపాలకి 2.5 పెడితే 7 వరకు పాస్, 8 వస్తే ఫెయిల్. మైనర్‌కి 4.0 పెడితే 10 వరకు పాస్, 11 వస్తే ఫెయిల్. క్రిటికల్, అంటే మనిషికి హాని చేసే లోపం, ఒక్కటి కనపడినా ఫెయిలే. లెవెల్ పేరు రాయించుకోకపోతే స్పెషల్ లెవెల్ ఎస్-2 పట్టుకుని పది బ్యాగులు కూడా చూడకుండానే "ఏక్యూఎల్ 2.5 పాస్" అని రిపోర్టు ఇవ్వొచ్చు. కాగితం మీద అది అబద్ధం కూడా కాదు.

ఇంకో సంగతి చాలామందికి తట్టదు. 2.5 అంటే "నూటికి రెండున్నర కంటే ఎక్కువ పాడైనవి రావు" అని హామీ కాదు. మీ లాట్‌లో నిజంగా 5 శాతం, అంటే 120 బ్యాగులు పాడైనవి ఉన్నా, 125 తీసి 7 వరకు ఒప్పుకునే లెక్కలో ఆ లాట్ పదిసార్లలో ఏడుసార్లు పాసవుతుంది. 120 పాడైన బ్యాగులు మీరు భరించలేరనుకుంటే మేజర్‌కి 1.0 అడగండి. అప్పుడు కూడా 125 బ్యాగులే, కానీ 3 వరకే పాస్. అదే 5 శాతం లాట్ పదిసార్లలో ఒకసారో అంతకు కాస్త ఎక్కువో మాత్రమే దాటుతుంది. ఫ్యాక్టరీ ఇందుకు రేటు పెంచమనొచ్చు. అది న్యాయమైన బేరమే, ఎందుకంటే వాళ్లు లోపల ఏరివేత పెంచాలి.

అసలు గొడవ వచ్చేది లోపాల జాబితా దగ్గర. "కుట్టు బాగుండాలి" అని రాస్తే వాళ్ల కంటికి బాగున్నదే బాగున్నట్టు. కొలవగలిగేలా రాయండి. ఉదాహరణకి భుజం పట్టీ మొదట్లో గట్టిదనం కోసం వేసే బార్‌ట్యాక్ కుట్టు లేకపోవడం, జిప్ రన్నర్ మధ్యలో ఇరుక్కోవడం, లోగో చెప్పిన చోటు నుంచి 5 మిల్లీమీటర్ల కంటే జరగడం మేజర్. కత్తిరించని దారం 10 మిల్లీమీటర్ల కంటే పొడుగుంటే మైనర్. లోపల విరిగిన సూది ముక్క దొరికితే క్రిటికల్. రంగు విషయంలో మాటలు పనికిరావు. ఇద్దరూ సంతకం చేసి సీల్ వేసిన శాంపిల్ ఒకటి మీ దగ్గర, ఒకటి వాళ్ల దగ్గర ఉండాలి, పగటి వెలుతురులో దాని పక్కన పెట్టే చూడాలి.

పరీక్షలు మొత్తం 125 మీదా కుదరవు కాబట్టి విడిగా రాయండి. ఐదు బ్యాగుల్లో 10 కేజీలు నింపి నాలుగు గంటలు పట్టీలతో వేలాడదీయాలి, కుట్టు ఎక్కడా విచ్చుకోకూడదు. ప్రింట్‌కి సెల్లోటేప్ పరీక్ష చాలు: టేప్‌ని లోగో మీద గట్టిగా అదిమి ఒక్క లాగులో పీకితే దాని మీద ఇంకు పొరలుగా రాకూడదు. అది ఫెయిలయితే చాలాసార్లు క్యూరింగ్, అంటే ఇంకుని వేడితో గట్టిపరచడం, సరిపోకపోవడమే కారణం. వేడి తక్కువైనా అంతే, డిస్పాచ్ తొందరలో టైం తగ్గించినా అంతే. ప్రింట్ పచ్చిగా ఉండగానే పాలిథీన్ కవర్‌లో పెట్టేస్తే బ్యాగు కవర్‌కి అతుక్కుంటుంది. చెన్నై ఉక్కలో లోపల తేమ పట్టి బూజు వాసన కూడా వస్తుంది. అందుకే కార్టన్ తెరవగానే వాసన చూడమని కూడా జాబితాలో రాయండి.

ఇక షెడ్యూల్. "ఇన్‌స్పెక్షన్ ఎప్పుడు?" అని కాకుండా "2,400 బ్యాగుల కుట్టు ఎప్పటికి పూర్తవుతుంది, అందులో 80 శాతం కార్టన్లలోకి ఎప్పటికి వెళ్తాయి?" అని అడగండి. ఆ రెండూ అయ్యాకే ఇన్‌స్పెక్షన్. కార్టన్‌కి 20 చొప్పున 120 కార్టన్లైతే 96 కట్టి ఉండాలన్నమాట. సగం సరుకు ఉండగా చూస్తే మిగతా సగం, అంటే హడావిడిలో కుట్టినది, ఎవరూ చూడనట్టే. 25న డిస్పాచ్ కాబట్టి 17 సాయంత్రానికి సరుకు సిద్ధం, 18న ఇన్‌స్పెక్షన్, ఫెయిలైతే 19 నుంచి 21 వరకు రిపేర్, 22న మళ్లీ ఇన్‌స్పెక్షన్ అని తేదీలతో ఒప్పించుకోండి. 24న ఇన్‌స్పెక్షన్ అన్నారంటే ఫెయిలైనా చేసేదేం లేదని అప్పుడే తేలిపోయింది. సరుకు సిద్ధమైందని 17 సాయంత్రమే ఫోటోలతో, కార్టన్ల లెక్కతో మెయిల్ పెట్టమనండి.

కార్టన్లు ఎంచేది మీ మనిషే కావాలి. 120 కార్టన్లకి వర్గమూలం లెక్కన 11 తెరిస్తే సరిపోతుంది. నంబర్లు ముందే చీటీ మీద రాసుకుని వెళ్లి, గోడవైపు అడుగున ఉన్నా అవే దింపించాలి. "ముందున్నవి చూడండి సార్, లోపలివీ అవే" అంటే ఒప్పుకోకూడదు.

ఫెయిలైనప్పుడు ఏం చేస్తారో కూడా ఇప్పుడే రాయించండి. 2,400 మొత్తాన్నీ ఏరి, పాడైనవి బాగుచేసి, ఎన్ని తీశారో లెక్క ఇచ్చాకే రెండో ఇన్‌స్పెక్షన్, దాని ఖర్చు ఫ్యాక్టరీదే. ఏరకుండా "ఇంకో 125 తీయండి" అంటే వద్దనండి. పైన చెప్పిన 5 శాతం లాట్ 2.5 లెక్కలో రెండు అవకాశాలిస్తే పదిలో తొమ్మిదిసార్లు ఏదో ఒకదాంట్లో పాసైపోతుంది.

చివరిగా మెయిల్‌లో ఒక వాక్యం: "మా రిలీజ్ మెయిల్ రాకుండా ఇన్‌వాయిస్, ఈ-వే బిల్ చేయకూడదు, లారీ ఎక్కించకూడదు." ఈ-వే బిల్ అయిపోయిందంటే మాల్ బయల్దేరినట్టే మాట్లాడతారు, 70 శాతం అడగడం మొదలుపెడతారు. వస్తు విక్రయ చట్టం, 1930లోని 41వ సెక్షన్ ప్రకారం మీరు అడిగితే సరుకు పరీక్షించుకునే అవకాశం అమ్మేవాళ్లు ఇవ్వాల్సిందే. కానీ 42 ప్రకారం మీ దగ్గరికొచ్చిన సరుకుని తగిన సమయంలో వద్దని చెప్పకుండా ఉంచుకుంటే ఒప్పుకున్నట్టే లెక్క. కాబట్టి లారీ పొరపాటున బెంగళూరు వచ్చేసినా, అదే రోజు "ఇన్‌స్పెక్షన్ కాలేదు, ఇంకా అంగీకరించలేదు" అని మెయిల్ పెట్టి, కార్టన్లు వాడకానికి విప్పకుండా పక్కన పెట్టి, గోడౌన్‌లోనే 125 తీసి చూడండి.