పేపర్ వాళ్ళు అనుమతి ఇచ్చారు, కానీ ఆ ఫొటో వాళ్ళది కాదు

ప్రశ్న: మా ఊరి మీద చిన్న డాక్యుమెంటరీ తీస్తున్నాను. పాత పేపర్లలో వచ్చిన ఫొటోలు, యూట్యూబ్‌లో ఉన్న పాత క్లిప్పులు వాడుకుని కింద 'సౌజన్యం' అని పేరు వేస్తే సరిపోతుందా? పర్మిషన్ తీసుకోవాలంటే ఎవరిని అడగాలి?

సరిపోదు. పేరు వేయడం మర్యాద, అనుమతి వేరే సంగతి. ఎవరిని అడగాలన్నది అంత తేలిగ్గా తేలదు. నేను మూడు నెలలు తిరిగి తెలుసుకున్న ఒక్క ఫొటో కథ చెప్తాను.

మాది విశాఖపట్నం. ఫిషింగ్ హార్బర్ మీద, తెప్పల నుంచి మరబోట్లకు మారిన జాలరి కుటుంబాల మీద 52 నిమిషాల సినిమా చేశాను. పెద జాలరిపేటలో ఒక బోటు యజమాని ఇంట్లో, ట్రంకు పెట్టె అడుగున పేపర్ కటింగ్ ఒకటి దొరికింది. 1986 నాటిది. గాలివానకు ఇసుకలోకి కొట్టుకొచ్చిన మరబోటు, దాని ముందు విరిగిన తెప్ప మీద ఒకామె కూర్చుని ఉంది. ఇంటావిడ కటింగ్ నా చేతికిస్తూ "ఇది మళ్ళీ తెచ్చియ్యాల బాబూ, అందులో ఉన్నది మా అత్త" అంది. సినిమా ఆ ఫొటోతోనే మొదలవ్వాలని అక్కడే అనుకున్నాను.

కటింగ్ వాళ్ళ దగ్గరుంది కాబట్టి వాళ్ళు సరేనంటే చాలని చాలామంది అనుకుంటారు. కాగితం వాళ్ళదే, ఫొటో మీద హక్కు కాదు. అంతమాత్రం నాకూ తెలుసు కాబట్టి ఆ పేపర్ ఆఫీసుకి వెళ్ళాను. పేరు చెప్పను. నాలుగుసార్లు తిరిగాక ఆరు వేలు కట్టించుకుని లెటర్‌హెడ్ మీద ఉత్తరం ఇచ్చారు: "మా పత్రికలో ప్రచురితమైన ఫొటోను మీరు వాడుకోవడానికి మాకు అభ్యంతరం లేదు." ఆ వాక్యం ఒకసారి నిదానంగా చదవండి. మాకు అభ్యంతరం లేదన్నారు గానీ, ఈ ఫొటో హక్కులు మావి అని ఎక్కడా అనలేదు. నేనది అప్పుడు గమనించలేదు.

అసలు చిక్కు స్కానింగ్‌లో మొదలైంది. కటింగులో ఫొటో వెడల్పు ఆరు అంగుళాలు. 1200 డీపీఐలో, అంటే అంగుళానికి 1200 పిక్సెళ్ళ లెక్కన స్కాన్ చేశాను, ఏడు వేల పిక్సెళ్ళు వచ్చాయి. స్క్రీన్ మీద పెడితే ఆమె ముఖం లేదు, చుక్కలున్నాయి. న్యూస్‌ప్రింట్ మీద ఫొటోని చుక్కలుగా అచ్చు వేస్తారు, అంగుళానికి 65 నుంచి 85 వరుసలు. అంటే ఆరంగుళాల ఫొటోలో అడ్డంగా ఉన్నవి నాలుగైదు వందల చుక్కలే. మన హెచ్‌డీ తెర వెడల్పు 1920 పిక్సెళ్ళు. ఎంత ఎక్కువ డీపీఐలో స్కాన్ చేసినా ఆ చుక్కలే పెద్దవవుతాయి తప్ప, అచ్చులో లేని వివరం ఎక్కణ్ణుంచి వస్తుంది? పైగా కెమెరా మూవ్ లాగా మెల్లగా జూమ్ ఇస్తే, చుక్కల వరుసలూ పిక్సెల్ వరుసలూ ఒకదాన్నొకటి దాటుతూ ఆకాశమంతా అలలు అలలుగా కదులుతుంది. స్కానర్‌లో డీస్క్రీన్ ఆన్ చేస్తే చుక్కలు పోయాయి, వాటితో పాటు ఆమె కళ్ళూ పోయాయి.

అందుకని ప్రింట్ గానీ నెగెటివ్ గానీ ఉందేమోనని మళ్ళీ ఆఫీసుకి వెళ్ళాను. పాత నెగెటివ్‌లు ఆఫీసు మారినప్పుడు పారేశామన్నారు. కింద ఫొటోగ్రాఫర్ పేరు వేయలేదు, అప్పట్లో చాలా పేపర్లు వేసేవి కావు. ఆ రోజుల్లో డెస్కులో పనిచేసి రిటైరైన ఒకాయన్ని పట్టుకుని కటింగ్ చూపిస్తే, ఇట్టే చూసి ఎవరు తీశారో చెప్పేశారు. ఆ ఫొటోగ్రాఫర్ ఎంవీపీ కాలనీలోనే ఉన్నారట. మా సినిమా ఎడిటర్ గదికి పది నిమిషాల దూరం!

వెళ్ళి, పేపర్ ఇచ్చిన ఉత్తరం కూడా చూపించాను. పెద్దాయన కళ్ళజోడు సవరించుకుని రెండుసార్లు చదివారు. "బాబూ, పేపర్లో వేసుకోడానికి తీశాను, వేసుకున్నారు. సినిమాకి ఇవ్వడానికి వాళ్ళెవరు?" అన్నారు. నాకు చెమటలు పట్టాయి. ఇంటికొచ్చి చట్టం చదివితే ఆయన మాటే నిజం.

1957 కాపీరైట్ చట్టం సెక్షన్ 17, క్లాజ్ (ఎ). పత్రికలో ఉద్యోగిగా ఉంటూ పత్రికలో వేయడం కోసం తీసిన ఫొటోకి, పత్రికలో ప్రచురించే మేరకే యజమాని హక్కుదారు. మిగతా అన్నిటికీ తీసినవాడే హక్కుదారు. ఇద్దరి మధ్యా వేరే ఒప్పందం ఉంటే తప్ప. ఆయన తన అపాయింట్‌మెంట్ ఆర్డర్ దాచుకున్నారు. ఒక పేజీ టైపు కాగితం, జీతం, ప్రొబేషన్, సెలవులు. ఫొటోల హక్కుల గురించి ఒక్క ముక్క లేదు. అంటే సినిమాలో వాడుకునే హక్కు ఆయనదే. పైగా 2012 సవరణ తర్వాత ఫొటోకి తీసినవారి జీవితకాలం, ఆపైన 60 ఏళ్ళు రక్షణ. పాతది కదా అనుకోవడానికి లేదు.

అదే స్టూడియో ఫొటో అయితే లెక్క వేరు. డబ్బిచ్చి తీయించుకున్నవారే మొదటి హక్కుదారు, అది క్లాజ్ (బి). అందుకే ఫొటో ఎవరు తీశారన్న ప్రశ్న ఒక్కటే చాలదు, ఎవరి కోసం తీశారు, డబ్బు ఎవరిచ్చారు అన్నదీ అడగాలి. పేపర్‌కి కట్టిన ఆరు వేలు నాకు తిరిగి రాలేదు. తమది కాని హక్కుకి డబ్బు తీసుకోవడం తప్పని నేనిప్పటికీ అంటాను.

పెద్దాయన పది వేలకు ఒప్పుకున్నారు. నెగెటివ్ కూడా ఇస్తానన్నారు. బటర్ పేపర్ కవరులో ఆరు ఫ్రేముల ముక్క. మన సముద్రపు తేమకు ఒక చివర బూజు చుక్కలు, కవరు కాస్త అతుక్కుపోయింది. దాన్ని బలవంతంగా లాగకూడదు, ఎమల్షన్, అంటే బొమ్మ ఉన్న పూత, ఊడొస్తుంది. కొరియర్‌కి ఇవ్వడానికి మనసొప్పక జన్మభూమి ఎక్స్‌ప్రెస్‌లో ఒళ్ళో పెట్టుకుని హైదరాబాద్ తీసుకెళ్ళి, ఫిల్మ్ స్కానర్ ఉన్న ల్యాబ్‌లో చేయించాను. 35 ఎంఎం నెగెటివ్‌లో ఒక ఫ్రేము వెడల్పు 36 మిల్లీమీటర్లే. 4000 డీపీఐలో స్కాన్ చేస్తే ఐదు వేల ఆరు వందల పిక్సెళ్ళు వస్తాయి, ఇవి నిజం పిక్సెళ్ళు. హెచ్‌డీలో దాదాపు మూడు రెట్లు దగ్గరికి వెళ్ళినా బొమ్మ చెదరదు.

మానిటర్ మీద ఫ్రేము తెరిచాక మాటాడలేకపోయాను. పేపర్ వాళ్ళు ఎడమ పక్కన కోసేశారు. అక్కడ ఎనిమిదేళ్ళ పిల్లాడు, తనకంటే పొడవైన తెడ్డు రెండు చేతులతో పట్టుకుని నిలబడి ఉన్నాడు. కటింగ్ ఇచ్చిన ఇంటికి తీసుకెళ్ళి చూపిస్తే ఆ ఇంటావిడ భర్తని పిలిచింది. ఆ పిల్లాడు ఆయనే, ఇప్పుడు సొంత బోటుకి సరంగు. సినిమా మొదలు మార్చి, ముందు ఆ పిల్లాడి చేతుల మీద తెరిచి మెల్లగా అమ్మ ముఖం దగ్గరికి వెళ్ళాం.

ఇక ఉత్తరం ఎలా రాయించుకోవాలో చెప్తాను, ఎందుకంటే నా మొదటి సినిమాలో దీంతోనే దెబ్బతిన్నాను. సెక్షన్ 19 ప్రకారం కాగితంలో కాలపరిమితి రాయకపోతే ఐదేళ్ళే అనుకోవాలి. ఏ ప్రాంతమో రాయకపోతే మన దేశం వరకే. ఆ సెక్షన్ హక్కులు రాసిచ్చే కాగితాల గురించి, కానీ సెక్షన్ 30ఎ వల్ల వాడుకోవడానికి అనుమతిచ్చే లైసెన్సులకీ వర్తిస్తుంది. "వాడుకోవచ్చు" అని ఒక్క ముక్క రాయించుకుని మురిసిపోతే, ఆరో ఏట ఎవరైనా కొంటామన్నప్పుడు మళ్ళీ గుమ్మం తొక్కాలి. అప్పటికి వాళ్ళుంటారో లేదో. పెద్దాయనతో రాసుకున్న కాగితంలో ఇవి పెట్టాం: ఈ ఫొటో తీసింది నేనే, హక్కులు ఇంకెవరికీ ఇవ్వలేదు, ఈ సినిమాలోనూ ట్రైలర్‌లోనూ, అన్ని మాధ్యమాల్లో, ప్రపంచమంతటా, కాపీరైట్ ఉన్నంతకాలం. పోస్టర్‌కి వేరే కాగితం, వేరే డబ్బు. సినిమాలో వాడే అనుమతిలో పోస్టర్ దానంతటది కలిసి రాదు.

అన్నిటికీ అంత పెద్ద హక్కు కొనే స్తోమత మనకుండదు, నిజమే. హార్బర్ పాత వీడియో కోసం ఒక విదేశీ న్యూస్ ఆర్కైవ్‌ని అడిగితే సెకన్ల లెక్కన రేటు చెప్పారు, కనీసం 30 సెకన్లు కొనాలన్నారు. మేం ఫెస్టివల్స్ వరకే కొని, తర్వాత టీవీ, ఓటీటీకి పెంచుకుంటే ఎంతో ఆ రేటు ఇప్పుడే కాగితం మీద వేయించుకున్నాం. అమ్ముడయ్యాక అడిగితే బేరమాడే వీలు మనకుండదు. రఫ్ కట్‌లో 11 సెకన్లే వాడాం, డబ్బు 30కి కట్టాలి. ఎడిటర్‌తో మళ్ళీ కూర్చుని 28 సెకన్లు చేశాం, సీను బాగుపడింది కూడా.

యూట్యూబ్ నుంచి దింపుకునే అలవాటు మాత్రం మానండి. అక్కడ పెట్టినవాడు హక్కుదారు కాకపోవచ్చన్నది ఒకటి. మేం రఫ్ కట్‌లో పెట్టిన యూట్యూబ్ కాపీ సెకనుకి 30 ఫ్రేములకు మార్చేసినది, ఆర్కైవ్ నుంచి వచ్చిన మాస్టర్ 25 ఫ్రేముల ఇంటర్‌లేస్డ్, అంటే ఒక్కో ఫ్రేమూ రెండు సగాలుగా ఉన్నది, సైజు 720×576 పిక్సెళ్ళు. కట్లు ఒక్కటీ కుదరలేదు, అలల్ని చూసుకుంటూ కంటితో సరిపెట్టడానికి రోజంతా పట్టింది. బొమ్మ మీదే టైమ్‌కోడ్ ముద్రించిన ప్రివ్యూ కాపీ ఆర్కైవ్ నుంచే తెప్పించుకుని దానితో ఎడిట్ చేసుంటే ఆ పని తప్పేది. ఇంకొకటి, 4:3 బొమ్మని తెర నిండా సాగదీయకండి, మనుషులు పొట్టిగా, పడవలు బల్లపరుపుగా అయిపోతాయి. రెండు పక్కలా నలుపు ఉండనివ్వండి, ప్రేక్షకులకి ఏ ఇబ్బందీ ఉండదు. అసలు ఫుటేజీ పక్కన కొత్త షాట్లకి దొంగ గీతలు, ధూళి కలపడం ఇంకా ఘోరం. ఏది నిజంగా ఆనాటిదో చూసేవాడికి తెలియాలి కదా.

ముందుగా మీరు చేయాల్సింది, ఎడిట్ మొదలుపెట్టకముందే ఒక ఎక్సెల్ షీటు తెరిచి ప్రతి ఫొటోకీ ఎవరు తీశారు, ఎవరి కోసం తీశారు, నెగెటివ్ ఎవరి దగ్గరుంది అని మూడు గడులు పెట్టుకోండి. మూడో గడి ఖాళీగా ఉన్న ఫొటో మీద సీను కట్టకండి. ఊళ్ళో పేపర్లలో పనిచేసి రిటైరైన ఫొటోగ్రాఫర్లు ఎవరెవరున్నారో ఈ వారమే వాకబు చేయండి. మా పెద్దాయన దగ్గర అలాంటి కవర్లు ఇంకా రెండు చెక్కపెట్టెల నిండా ఉన్నాయి, వాటికి ఇప్పటికే బూజు పడుతోంది.