పోల్‌లో అందరూ ‘అవును’, క్లాసులో సగం మంది కూడా లేరు

ప్రశ్న: మా ఆన్‌లైన్ క్లాసు వాట్సాప్ గ్రూపులో ‘శనివారం ఉదయం 7 గంటల క్లాసు అందరికీ సౌకర్యంగానే ఉంది కదా?’ అని పోల్ పెట్టాను. దాదాపు అందరూ ‘అవును’ నొక్కారు. తీరా చూస్తే సగం మంది కూడా రావట్లేదు. పోల్ ఎలా పెడితే నిజం చెబుతారు?

జవాబు: మీ ప్రశ్న చివర ఉన్న ‘కదా’ జవాబు కూడా తనే చెప్పేసింది. ‘అందరికీ’ అన్న మాట ఇంకో అడుగు ముందుకేసింది. కాదని నొక్కిన మనిషి గుంపులో ఒంటరి అయిపోతాడు. పైగా వాట్సాప్ పోల్‌లో ఎవరు దేనికి ఓటేశారో పేర్లతో సహా గ్రూపులో అందరికీ కనిపిస్తుంది. పాఠం చెప్పే మనిషి ఎదుట ‘కాదు’ నొక్కడానికి మొహమాటపడటం సహజమే.

ముందుగా అభిప్రాయం అడగడం మానేసి, జరిగిందేమిటో అడగండి. ‘గత నాలుగు శనివారాల్లో ఎన్ని క్లాసులకు లైవ్‌లో వచ్చారు?’ అనండి. ఆప్షన్లు: ఒక్కటీ లేదు, 1, 2, 3, 4. ‘సౌకర్యం’ అంటే ఒక్కొక్కరికి ఒక్కో అర్థం. అంకెకు ఆ గొడవ లేదు.

తర్వాతి ప్రశ్న: ‘రాలేకపోయినప్పుడు ముఖ్య కారణం ఏమిటి?’ ఇక్కడే చాలామంది జారిపోతారు. ఆఫీసు పని, నెట్ సమస్య, నిద్ర లేవలేకపోవడం... ఇలా నెపమంతా అవతలివాళ్ల మీదే ఉండే కారణాలు రాసి ఆపేస్తారు. ‘రికార్డింగ్ చూస్తే సరిపోతుంది’, ‘పాఠం నాకు ఉపయోగపడట్లేదు’ అన్నవి కూడా పెట్టండి. మీకు వినడం కష్టమనిపించే జవాబు జాబితాలో ఉంటేనే దాన్ని ఎంచుకునే ధైర్యం వస్తుంది. చివర్లో ‘వేరే కారణం’ అని రాసుకునే చోటు ఇవ్వండి. ‘టైమ్, పాఠం రెండూ బాగున్నాయా?’ అని మాత్రం కలిపి అడగొద్దు. ఒకటి నచ్చి ఇంకోటి నచ్చనివాళ్లు ఏం నొక్కాలి?

దీనికి గూగుల్ ఫామ్స్ వాడండి. సెట్టింగ్స్‌లో Collect email addresses దగ్గర Do not collect ఎంచుకుని, పేర్లు తీసుకోవట్లేదని ఫామ్ పైనే రాయండి. కారణాల ప్రశ్నకు Shuffle option order ఆన్ చేస్తే, పైన ఉందని మొదటి ఆప్షన్ నొక్కేసే అలవాటు ఒకే జవాబుకు లాభం చేయదు. అంకెల ప్రశ్నకు అది వద్దు, వరుస చెదిరిపోతుంది. Limit to 1 response పెడితే లాగిన్ అడుగుతుంది. మీకు వాళ్ల పేర్లు కనిపించకపోయినా వాళ్లకు అనుమానం వస్తుంది. నాకైతే ఒకరిద్దరు రెండుసార్లు నింపినా ఫర్వాలేదు, అది ఆఫ్‌లో ఉండటమే మంచిదనిపిస్తుంది.

పంపే ముందు సంగతి తెలియని ఒకరికి చూపించి, ‘నేను ఏ జవాబు కోరుకుంటున్నాననిపిస్తోంది?’ అని అడగండి. టక్కున చెప్పగలిగితే ప్రశ్న ఇంకా ఒకవైపు మొగ్గే ఉంది, తిరగరాయండి.

ఎంత బాగా అడిగినా అసలు ఫామ్ తెరవనివాళ్లు ఉంటారు. క్లాసుకు రానివాళ్లే ఫామ్ కూడా వదిలేసే అవకాశం ఎక్కువ. అందుకే వచ్చిన జవాబులను మీ హాజరు లెక్కతో పోల్చండి. ఫామ్‌లో చాలామంది ‘4’ అని, హాజరులో సగమే ఉంటే, మీకు జవాబిచ్చింది క్రమం తప్పకుండా వచ్చేవాళ్లే. మిగతావాళ్లలో కొందరిని విడివిడిగా పలకరించి అడగాల్సిందే.