చిన్నీకి, రీఫండ్ సంగతి గురించి

చిన్నీ,

మధురవాడ ఇంట్లోనే కూర్చుని ఆన్‌లైన్ ట్యూషన్లు మొదలుపెడుతున్నావని మీ అమ్మ ఫోన్‌లో చెప్పింది. ఆ సంతోషంలో కాఫీ పొంగబెట్టేశాను. తరవాత నువ్వు పంపిన కాగితం చూశాను. నెలకు 12 క్లాసులు, 2,400 రూపాయలు, కింద ఒక్క లైను: "కట్టిన ఫీజు తిరిగి ఇవ్వబడదు." ఆ లైను చూసి రాత్రి సరిగ్గా నిద్రపట్టలేదు. పదేళ్లకు పైగా కిందట నా రసీదు మీదా అదే ఉండేది.

ఫీజు, టైములు, సబ్జెక్టులు బాగానే రాశావు. వాటి జోలికి పోను.

2014 అక్టోబరులో అక్కయ్యపాలెం మేడ మీద నా దగ్గర పద్దెనిమిది మంది పిల్లలు. 12 క్లాసులకు 1,200. దసరా అయ్యాక ఆరో తారీఖున మొదలుపెట్టి, పదో తారీఖుకి మూడు క్లాసులు చెప్పాను. పన్నెండున, ఆదివారం, హుద్‌హుద్ వచ్చింది. మేడ మీద రేకులు లేచిపోయాయి. కరెంటు లేదు, ఫోన్లు లేవు. ఆ నెల ఇక క్లాసులే లేవు.

ఒకాయన వచ్చాడు. కొట్టు పాడైపోయింది, సంసారాన్ని ఊరికి తీసుకెళ్లిపోతున్నాడు, మిగిలిన డబ్బు ఇమ్మన్నాడు. నేను రసీదు చూపించాను. ఆయన కోప్పడలేదు. "మేం మానలేదు మేడమ్, మీరు చెప్పలేదు" అన్నాడు, అంతే. నాకు నోట మాట రాలేదు. తొమ్మిది క్లాసుల డబ్బు, 900, ఇచ్చేశాను. తరవాత ఇంకొకరు అడిగితే 600 చేతిలో పెట్టాను, మరొకరికి వచ్చే నెల సర్దుతానన్నాను. వారం తిరిగేసరికి ఆ తల్లులందరూ ఒకచోట కలిసి లెక్కలు చెప్పుకున్నారు. ఇచ్చి కూడా మోసగత్తెననిపించుకున్నాను, తెలుసా? నా తప్పు పిసినారితనం కాదు. పిల్లవాడు మానెయ్యడం, నేను చెప్పలేకపోవడం, ఈ రెంటికీ ఒకే లైను రాయడం.

అందుకని నువ్వు రెండు పేరాలు రాయి. మొదటిది నీ వల్ల ఆగిన క్లాసు. నీకు జ్వరం, మీ ఇంట్లో కరెంటు, నీ నెట్, ఏదైనా సరే. వారంలోపు మళ్లీ చెబుతాను, కుదరకపోతే క్లాసుకి 200 చొప్పున తిరిగి వేస్తాను అని రాయి. ఇక్కడ బేరం పెట్టకు. సేవలో లోపం ఉంటే నువ్వు రసీదులో రాసిన గడువులో, గడువు రాయకపోతే 30 రోజుల్లో డబ్బు తిరిగి ఇవ్వకపోవడాన్ని 2019 వినియోగదారుల రక్షణ చట్టం తప్పు కిందే లెక్కేస్తుంది. నువ్వు ఏడు రోజులని రాసెయ్యి.

రెండోది వాళ్లు మానేస్తే. అసలు తగవు ఇక్కడే వస్తుంది. నువ్వు విడి క్లాసు 250కి చెబుతావు కదా. ఐదు క్లాసులు విని మానేశారనుకో. ప్యాకేజీ ధరకి లెక్కేస్తే 1,000 పోను 1,400 ఇవ్వాలి. విడి ధరకి లెక్కేస్తే 1,250 పోను 1,150. "మిగిలిన డబ్బు ఇస్తాం" అని రాస్తే వాళ్లు మొదటిది అనుకుంటారు, నువ్వు రెండోది అనుకుంటావు. నన్నడిగితే విడి ధరే పెట్టు, నెలంతా ఉంటారనే కదా 50 తగ్గించావు. కానీ ఆ 250 ధర ఫీజుల పట్టికలో పైన కనబడాలి, ఆ ధరకి నిజంగా ఎవరికైనా చెబుతూ ఉండాలి. లేకపోతే అది ఉత్తుత్తి ధరే అవుతుంది. ఈ ఐదు క్లాసుల లెక్క ఉన్నదున్నట్టు పాలసీలోనే రాయి. లెక్క కనబడితే జనం అడగరు. ఇంకో సంగతి, పది క్లాసులు విన్నాక ఈ లెక్క 2,500 అవుతుంది, కట్టినదాని కంటే ఎక్కువ. అప్పుడు రీఫండ్ సున్నా, ఎదురు కట్టక్కర్లేదు అని కూడా రాయి. లేకపోతే ఎవరో తెలివైన తండ్రి నిన్ను ఆటపట్టిస్తాడు.

మానేస్తున్నామని వాట్సాప్‌లో మెసేజ్ పెట్టిన రోజు నుంచే లెక్క. ఫోన్‌లో చెప్పానంటే కుదరదను. డబ్బు మాత్రం ఏ ఖాతా నుంచి వచ్చిందో దానికే తిరిగి వెయ్యి. ఫీజు తాతగారు కట్టి, రీఫండ్ అల్లుడు అడిగే ఇళ్లుంటాయి, వాళ్ల గొడవలో నువ్వు దూరకు.

ఫీజు తీసుకోకముందే ఈ కాగితం పంపి, చదివామని జవాబు పెట్టించుకో. మొహమాటపడకు. మీ అమ్మకీ ఆ మొహమాటమే, నీకూ అదే వచ్చింది. చిన్నప్పుడు చిల్లర తక్కువిచ్చినా కొట్టువాడిని అడగలేక ఏడుస్తూ ఇంటికొచ్చేదానివి.

ఇంకోటి. వచ్చిన ఫీజంతా నీది అనుకుని ఖర్చుపెట్టకు. చెప్పని క్లాసుల డబ్బు విడిగా ఉంచు, ముఖ్యంగా అక్టోబరు, నవంబరుల్లో. గాలి వాన అంటే నాకు ఇప్పటికీ భయమే.

మళ్లీ రాసి శనివారంలోగా పంపు, ఎర్ర పెన్ను దగ్గర పెట్టుకున్నాను.

మీ పెద్దమ్మ