‘కాస్త చూడండి’ అంటే ఎవరూ చేయరు: గుర్తుచేసే మెసేజ్ ఎలా రాయాలి?

ప్రశ్న: మా టీమ్‌లో నాకంటే పెద్దాయన ఒకరు ప్రతి నెలా తన లెక్కలు ఇస్తేనే నేను రిపోర్ట్ పూర్తి చేయగలను. ‘సార్, ఆ రిపోర్ట్ సంగతి కాస్త చూడండి’ అని రెండుసార్లు మెసేజ్ పెట్టాను. ‘సరే’ అన్నారు, ఏమీ రాలేదు. గట్టిగా అడిగితే బాగుండదు. ఎలా రాయాలి?

జవాబు:

మీ మెసేజ్‌లో మర్యాద ఉంది కానీ ఆయన చేయాల్సిన పని ఏమిటో లేదు. ‘చూడండి’ అన్నారు. ఆయన ఫైల్ తెరిచి, చూసి, మూసేసినా మీరు అడిగింది చేసినట్టే. ‘సంగతి’ అంటే రిపోర్ట్ మొత్తమా, అందులో ఆయన భాగం ఒక్కటేనా? ఎప్పటికి కావాలి? ఇవేవీ తెలియని మనిషి అప్పటికప్పుడు ఇవ్వగలిగిన జవాబు ‘సరే’ ఒక్కటే.

నేనైతే ఇలా రాస్తాను:

“నమస్తే సార్. ఈ నెల రిపోర్ట్‌లో మీ విభాగం ఖర్చుల లెక్క ఒక్కటి నాకు ఇంకా అందలేదు. కింద లింక్ ఇచ్చాను. ‘ఖర్చులు’ షీట్‌లో నాలుగు గళ్లకు పసుపు రంగు వేశాను, వాటిలో అంకెలు వేస్తే చాలు. 9వ తేదీ గురువారం మధ్యాహ్నం 3 గంటల్లోపు వేస్తే శుక్రవారం ఉదయం రిపోర్ట్ పంపేస్తాను. ఆలోపు కుదరకపోతే ఎప్పటికి వీలవుతుందో చెప్పండి, దాన్నిబట్టి మిగతాది సర్దుకుంటాను.”

ఇందులో అన్నిటికంటే ముఖ్యం ‘అంకెలు వేస్తే’ అన్న క్రియ. పని అయిందో లేదో ఇద్దరికీ కంటికి కనబడాలి: గడిలో అంకె ఉంటుంది, లేదా ఉండదు. చూడండి, ఆలోచించండి, పట్టించుకోండి లాంటి మాటల్లో ఆ తేడా కనబడదు. మెసేజ్ పంపే ముందు ‘ఇది పూర్తయిందని నాకెలా తెలుస్తుంది?’ అని అడిగి చూసుకోండి. జవాబు దొరకకపోతే క్రియ మార్చండి. ‘నాలుగు గళ్లు’ అని లెక్క చెప్పడం కూడా కావాలనే. రిపోర్ట్ అనగానే గంట పని అనుకుని సాయంత్రానికి వాయిదా వేసే మనిషి, నాలుగు అంకెలంటే అప్పుడే వేసేయవచ్చు.

గడువు విషయంలో ‘రేపటికల్లా’ అని రాయకండి. మీరు రాత్రి పంపింది ఆయన మర్నాడు చదివితే, ఆయన రేపు మీ ఎల్లుండి అవుతుంది. తేదీ, వారం, గంట మూడూ వేయండి. తేదీకీ వారానికీ పొంతన ఉందో లేదో క్యాలెండర్‌లో చూసుకోండి, ఎక్కువగా తప్పు జరిగేది అక్కడే. పక్కనే కారణం చెబితే గడువు ఆజ్ఞలా వినిపించదు. కారణం నిజమైనదై ఉండాలి. రిపోర్ట్ సోమవారం పంపేదైతే శుక్రవారం అని రాయకండి, ఒకసారి తెలిసిపోతే మీ తర్వాతి గడువును ఆయన నమ్మరు.

ఇక నొప్పించకుండా ఉండటం. ‘మీరు ఇంకా పంపలేదు’ అంటే తప్పు ఆయన మీద పడుతుంది, ‘నాకు ఇంకా అందలేదు’ అంటే జరిగింది మాత్రమే చెప్పినట్టు. ‘ముందే చెప్పాను కదా’, ‘మూడోసారి అడుగుతున్నాను’ అన్నవి ఎంత మెత్తగా రాసినా నిష్ఠూరమే. అలాగని ‘వీలైతే’, ‘తీరిక ఉంటే’ అని కూడా వద్దు. అవి మర్యాద కోసం రాసినా, చదివేవారికి అవసరం లేని పని అనిపిస్తుంది. ‘పంపగలరు’ అని ముగించినా నోటీసు ధోరణి వస్తుంది. కుదరకపోతే చెప్పమని అడగడంలోనే అసలైన మన్నన ఉంది. ఆయనకు తలవంపులు లేకుండా ‘శనివారం ఇస్తాను’ అనే దారి దొరుకుతుంది, మీకూ నిజమైన తేదీ తెలుస్తుంది.

పంపే ముందు షీట్ ఒకసారి తెరిచి చూడండి. ఆయన అప్పటికే వేసి ఉంటే, ఎంత చక్కగా రాసిన మెసేజైనా చిరాకే తెప్పిస్తుంది. గ్రూప్‌లో పెట్టకండి, నేరుగా ఆయనకే పంపండి.

గురువారం 3 దాటినా రాకపోతే అదే మెసేజ్ మళ్లీ పంపకండి. ఈసారి అడ్డు ఏమిటో అడగండి: “సార్, ఆ నాలుగింటిలో ఏదైనా అంకె ఇంకా తేలలేదా? తేలినవి ఇప్పుడు వేయండి, మిగతా గడి ఖాళీగా ఉంచి ‘తర్వాత వస్తుంది’ అని రాసి పంపుతాను.” చాలాసార్లు ఆలస్యానికి కారణం ఒక్క అంకె ఇంకొకరి దగ్గర ఉండిపోవడమే. దానికీ జవాబు రాకపోతే ఇంకో మెసేజ్ వద్దు, ఫోన్ చేయండి. ఆయన మీద పని ఎక్కువై ఉంటే మాటలు మార్చినందువల్ల తీరదు, ఆ లెక్క ఇంకెవరైనా ఇవ్వగలరేమో ఆయననే అడగండి.