చెవికి రాసే వాక్యం: దసరా తగ్గింపు ప్రకటన

సందేహం: మా ఫర్నీచర్ షాపు దసరా తగ్గింపు కోసం 30 సెకన్ల రేడియో ప్రకటన రాశాను. "దసరా పర్వదినాన్ని పురస్కరించుకొని మా షోరూమ్‌లో నాణ్యమైన టేకుతో తయారుచేయబడిన సోఫాలు, మంచాలు, బీరువాలు మొదలగు గృహోపకరణాలపై 20% వరకు ప్రత్యేక తగ్గింపు ఇవ్వబడును. ₹29,999 సోఫా ₹23,999 మాత్రమే. త్వరపడండి. ఈ అవకాశం విజయదశమి వరకే. లీలామహల్ సర్కిల్, తిరుపతి." చివర షాపు పేరు, ఫోన్ నంబరు. చదివిస్తే 40 సెకన్లు పట్టింది. విన్నవాళ్లకు ఏమీ గుర్తులేదు. గ్రాంథికం వదిలేసి వ్యావహారికంలో రాస్తే సరిపోతుందా?
– ఒక పాఠకుడు, తిరుపతి

సమాధానం: సరిపోదు. 'ఇవ్వబడును' తీసేసి 'ఇస్తున్నాం' అంటే వినడానికి హాయిగా ఉంటుంది కానీ మిగిలేది రెండు అక్షరాలే. అసలు చిక్కు మాటల్లో కాదు, వాటి వరసలో ఉంది.

రేడియోకు రాసేటప్పుడు పదాలు లెక్కపెడితే తెలుగులో లెక్క తప్పుతుంది. 'మా' ఒక పదమే, 'పురస్కరించుకొని' కూడా ఒక పదమే. పలికేటప్పుడు మొదటిదానికి ఒక అక్షరం, రెండోదానికి ఏడు. కాబట్టి పలికే అక్షరాలే లెక్కపెట్టాలి. ప్రకటనను స్పష్టంగా చదివే గొంతు సెకనుకు సుమారు అయిదు అక్షరాలు పలుకుతుంది. ఆ లెక్కన 30 సెకన్లకు 150. మొదట్లో వచ్చే చప్పుడుకీ, మధ్యలో ఊపిరికీ అయిదారు సెకన్లు తీసేస్తే మీ చేతిలో ఉండేవి 120 నుంచి 125 అక్షరాలు. మీ ప్రకటన, పేరూ ఫోన్ నంబరూ కలుపుకుంటే, 190 దగ్గర ఉంది. 40 సెకన్లు పట్టడంలో వింత లేదు.

రేడియోలో సమయాన్ని పది సెకన్ల లెక్కన అమ్ముతారు. 33 సెకన్లు వస్తే స్టూడియోలో వేగం పెంచి 30లో ఇరికిస్తామంటారు. ఒప్పుకోకండి. తెలుగులో దీర్ఘానికీ ఒత్తుకూ అర్థముంది, వేగం పెంచితే ముందు నలిగేవి అవే. ఎక్కువైతే మాటలు కొట్టేయండి.

ఇప్పుడు మీ మొదటి వాక్యం చూద్దాం. 'దసరా' దగ్గర మొదలై 'ఇవ్వబడును' దగ్గర ముగిసేసరికి 75 అక్షరాలు, అంటే పదిహేను సెకన్లు. మీకున్న సమయంలో సగం. మన క్రియ చివర వస్తుంది. అది వచ్చేదాకా వినేవాడు పండగనూ, షోరూమ్‌నూ, టేకునూ, మూడు వస్తువులనూ, శాతాన్నీ మోసుకుంటూ కూర్చోవాలి. కాగితం మీద కన్ను వెనక్కి వెళ్లి చూసుకుంటుంది. చెవికి ఆ వీలు లేదు. అందుకే రేడియో వాక్యానికి ఒక క్రియ, ఒక సంగతి చాలు. ఇరవై అక్షరాలు దాటుతోందంటే విరగ్గొట్టండి.

ఆ వాక్యంలోనే మరో ప్రమాదం ఉంది. 'టేకుతో తయారుచేయబడిన' అన్న విశేషణం దాని వెనక వచ్చే మూడింటికీ అంటుకుంటుంది. అంటే బీరువాలు కూడా టేకువే అని చెప్పినట్టు. బీరువా అంటే చాలా ఇళ్లలో ఇనుపదే. మీరు అమ్మేదీ ఇనుపదే అయితే, ఇది విన్న మనిషి షాపుకొచ్చి టేకు బీరువా అడిగితే తప్పు అతనిది కాదు. 'టేకు' అన్న మాట ఏ వస్తువుకు చెందుతుందో దానికే తగిలించి, అక్కడితో ఆ వాక్యం ముగించాలి.

'గృహోపకరణాలు' అనగానే మిక్సీ, ఫ్రిజ్ గుర్తొస్తాయి. ఫర్నీచర్‌ను ఫర్నీచర్ అనే అనండి. 'నాణ్యమైన', 'ప్రత్యేక' అన్నవి ప్రతి ప్రకటనలోనూ ఉంటాయి కాబట్టి చెవి వాటిని పట్టించుకోదు. అవి పోయినా నష్టం లేదు.

ఇక అంకెలు. మీ ప్రకటనలో ఎక్కువ సమయం మింగుతున్నవి ఇవే. ₹29,999 కాగితం మీద చిన్న ముక్క. నోటితో పలికితే 'ఇరవై తొమ్మిది వేల తొమ్మిది వందల తొంభై తొమ్మిది రూపాయల', మొత్తం 23 అక్షరాలు. ₹23,999కు ఇంకో 22. రెండు ధరలకే తొమ్మిది సెకన్లు పోయాయి, చివరికి చెవిలో మిగిలింది తొమ్మిదుల వరస. ముద్రణలో రూపాయి తగ్గించి 999 వేయడం కంటికి చేసే ఉపాయం, చెవికి అది బరువే. ముప్పై వేల సోఫా, ఇరవై నాలుగు వేలు అనండి. మీరు చెప్పిన ధరకంటే షాపులో ఒక రూపాయి తక్కువే ఉంటుంది కాబట్టి ఎవరినీ మోసం చేసినట్టు కాదు. తేడా కచ్చితంగా ఆరు వేలు. ఆ సంగతి మీరే చెప్పేయాలి, శ్రోతతో తీసివేత చేయించకూడదు.

శాతం విషయంలో ఇంకా జాగ్రత్త అవసరం. 'సోఫాల మీద ఇరవై శాతం' అన్నది నోట్లో 'మీదిరవై' అవుతుంది. 'సోఫాల మీద అరవై శాతం' అయితే 'మీదరవై'. రెంటికీ తేడా ఒక గుడి మాత్రమే, అదీ సంధిలో నలిగిపోయి ఉంది. వెనక నాదస్వరమో డోలో మోగుతుంటే అది వినబడదు. అరవై అనుకుని వచ్చినవాళ్లు కౌంటరు దగ్గర గొడవ పడతారు. అచ్చుతో మొదలయ్యే అంకెకు ముందు ఇంకో పదం ఆనుకుని ఉండకూడదు. వాక్యం మొదట్లో పెడితే దాని ముందు సహజంగానే విరామం వస్తుంది. అది కుదరకపోతే దాని ముందు 'అందులో' లాంటి దీర్ఘాంతం పెట్టండి, దీర్ఘం అంత సులువుగా లోపించదు. సంధి అంతటా చెడ్డదని కాదు. 'కుర్చీలు అడగాల్సిన' అన్నది 'కుర్చీలడగాల్సిన' అయితే మన మాట మనలాగే వినిపిస్తుంది. అంకె మారిపోయే చోటే దాన్ని ఆపాలి.

పది అంకెల ఫోన్ నంబరుకు సుమారు 25 అక్షరాలు, అయిదు సెకన్లు. బండి మీద వెళ్తూ వినేవాడు రాసుకోలేడు. ఆ చోటును గుర్తుకు ఇవ్వండి. లీలామహల్ సర్కిల్ అంటే తిరుపతిలో ఇంకేమీ చెప్పక్కర్లేదు. బ్రహ్మోత్సవాలకు వచ్చిన యాత్రికులకు అది తెలియకపోయినా ఫరవాలేదు, వాళ్లు కొండకొచ్చి మంచం కొనుక్కుని వెళ్లరు. అదే షాపు ఎయిర్ బైపాస్ రోడ్డులో ఉండి ఉంటే ఇంకో గుర్తు కూడా చెప్పమనేవాణ్ణి. ఆ 'ఎయిర్' ఆలిండియా రేడియో పొట్టిపేరు. కొత్తగా ఊరికి వచ్చినవాళ్లు దాన్ని విమానాశ్రయం దారి అనుకునే అవకాశం ఉంది.

ఇవన్నీ చూసుకుని మీ ప్రకటనను ఇలా రాయవచ్చు. పేరున్న చోట అయిదు అక్షరాల పేరు ఉందనుకుని లెక్కగట్టాను.

(ప్లాస్టిక్ కుర్చీలు ఈడ్చే చప్పుడు, 2 సెకన్లు)
ఈ దసరాకు పక్కింటి కుర్చీలు అడగాల్సిన పని లేదు. /
(షాపు పేరు)లో దసరా తగ్గింపు మొదలైంది. //
టేకు సోఫా ముప్పై వేలు. / అందులో ఆరు వేలు తగ్గించాం. //
ఇరవై నాలుగు వేలే. /
మంచాలకు, బీరువాలకు వస్తువును బట్టి తగ్గింపు. //
తిరుపతి లీలామహల్ సర్కిల్ దగ్గర, (షాపు పేరు). /
విజయదశమి రాత్రి దాకా మాత్రమే. //
(షాపు పేరు). లీలామహల్ సర్కిల్.

ఒక గీత దగ్గర చిన్న విరామం, రెండు గీతల దగ్గర ఊపిరి. మొత్తం 122 అక్షరాలు. మాట మొదలైన నాలుగు సెకన్లకే షాపు పేరు వినబడుతుంది, మూడుసార్లు వస్తుంది. ఇరవై శాతం అన్న మాటే లేదు, ఆరు వేలు అన్నది దాని పని చేస్తోంది. 'వరకు' అన్న షరతు స్థానంలో 'వస్తువును బట్టి' ఉంది. ప్రకటనల్లో చివర గబగబా చదివేసే 'షరతులు వర్తిస్తాయి' కంటే ఇది నిజాయితీగల మాట, ఏ షరతో కూడా చెబుతోంది. చదివే మనిషికి ఇచ్చే కాగితంలో అంకెలన్నీ అక్షరాల్లోనే రాయండి. 24,000 అని వేస్తే కొందరు 'ట్వెంటీఫోర్ థౌజండ్' అని చదువుతారు.

వ్యావహారికం గురించి అడిగారు కాబట్టి ఒక మాట. కుర్చీల చప్పుడుకు బదులు "యాడికి పోతా ఉండావక్కా?" అని మొదలుపెడితే చిత్తూరు, తిరుపతి వైపు చెవులు వెంటనే నిక్కబొడుచుకుంటాయి. తొమ్మిది అక్షరాలు, రెండు సెకన్లలోపు. కానీ ఆ యాస చిన్నప్పటి నుంచి మాట్లాడిన గొంతు దొరికితేనే పెట్టండి. అద్దెకు తెచ్చుకున్న యాస ఎక్కిరింపులా వినిపిస్తుంది, అది ఊరి మీద వేసిన పరిహాసమవుతుంది. అక్కడ అడిగినదానికి అక్క జవాబూ అదే యాసలో రావాలి. "పండక్కి చుట్టాలొస్తా ఉండారు, సోఫా చూడాల" అంటే చాలు. అప్పుడు కుర్చీల వాక్యం పూర్తిగా తీసేయాలి, రెండూ పట్టవు.

రికార్డింగుకు ముందు స్టాప్‌వాచ్ పెట్టుకుని గొంతెత్తి చదవండి. మనసులో చదువుకుంటే ఎప్పుడూ తక్కువ సమయమే చూపిస్తుంది. తర్వాత ఫోన్‌లో రికార్డు చేసి, కాగితం చూడని మనిషికి కుళాయి తిప్పి ఉన్న వంటింట్లో ఒక్కసారే వినిపించండి. ఏ షాపు, ఎక్కడ, సోఫా ఎంత, ఎప్పటిదాకా అని అడగండి. ధర తప్పు చెబితే దాని ముందు విరామం పెంచండి. షాపు పేరు చెప్పలేకపోతే, వెనక సంగీతం ఆ చోట తగ్గిందో లేదో ముందు చూసుకుని, తర్వాతే మాటల జోలికి వెళ్లండి.

అదే రోజు, అదే గొంతుతో విజయదశమి వాక్యానికి రెండు మారు వాక్యాలు కూడా చదివించి పెట్టుకోండి: 'రేపు రాత్రితో ఆఖరు', 'ఈ రాత్రితో ఆఖరు'. రెండూ ఎనిమిదేసి అక్షరాల లోపే, పాత వాక్యం చోటులో సులువుగా ఇముడుతాయి. ఫైలు పేరులో ప్రసారం కావాల్సిన తేదీ వేసి స్టేషన్‌కు ఇవ్వండి. 'రేపు' అన్న ఫైలు ఒక్క రోజు ఆలస్యంగా మోగినా, విజయదశమి మర్నాడు కూడా తగ్గింపు ఉందనుకుని జనం వస్తారు.