ఎస్క్రో విడుదల లేఖలో ‘మిగిలిన మొత్తం’ అని రాయకండి

ప్రశ్న: ఫ్లాటు అమ్మకం సొమ్ము, షరతులు తీరేదాకా బ్యాంకు మధ్యవర్తిగా పట్టి ఉంచే ఎస్క్రో ఖాతాలో ఉంది. రిజిస్ట్రేషన్ అయిపోయింది. ‘షరతులన్నీ పూర్తయ్యాయి, మిగిలిన మొత్తం విడుదల చేయగలరు’ అని రాస్తే సరిపోతుందా?

జవాబు: 2022లో హైదరాబాదులో మా ఫ్లాటు అమ్మినప్పుడు నేనూ దాదాపు ఇదే వాక్యం రాశాను. బ్యాంకు రెండు రోజులు ఉంచుకుని తిప్పి పంపింది. అప్పుడు విసుక్కున్నాను గానీ, తప్పు నాదే. షరతు నిజంగా నెరవేరిందా లేదా అని తేల్చే పని ఎస్క్రో బ్యాంకుది కాదు. ఒప్పందంలో రాసుకున్న కాగితాలు అందాయా, ఇరుపక్షాల సంతకాలు ఉన్నాయా అన్నంత వరకే అది చూస్తుంది. అందుకే ప్రతి షరతు పక్కనా దాన్ని రుజువు చేసే కాగితం పేరు, నంబరు, తేదీ ఉండాలి.

నేను తడబడింది ఇంటి అప్పు దగ్గర. అప్పు తీరిందని రుణదాత ఇచ్చే లేఖ వేరు, తనఖా తొలగడం వేరు. హక్కు పత్రాల తనఖా సబ్‌రిజిస్ట్రార్ దగ్గర నమోదై ఉంటే, దాని విడుదల కూడా అక్కడ నమోదయ్యేదాకా ఆస్తిపై ఉన్న తనఖాలను చూపే ఈసీలో అది అలాగే కనిపిస్తుంది. నా లేఖలో మొదటిది మాత్రమే ఉందని కొన్నవారి వకీలు పట్టుకున్నారు.

ఇక మొత్తం సంగతి. మా ధర 80,00,000 రూపాయలు. అందులో 5,00,000 బయానా ఎస్క్రోతో సంబంధం లేకుండా ముందే ముట్టింది. తక్కిన 75,00,000లో ఒక శాతం టీడీఎస్ కింద 75,000 మినహాయించి, కొన్నవారు ఎస్క్రోలో వేసింది 74,25,000. అందులోంచి మా ఇంటి అప్పుకు 18,60,000 వెళ్లింది. ఫ్లాటు స్వాధీనం చేసేదాకా లక్ష ఆపాలన్నది ఒప్పందం. ఇన్ని మెట్లున్నప్పుడు ‘మిగిలిన మొత్తం’ అంటే ఒక్కొక్కరికి ఒక్కో అంకె తోస్తుంది. చివరకు ఆమోదం పొందిన లేఖ ఇలా ఉంది:

“ఎస్క్రో ఒప్పందం ... నిబంధన ప్రకారం, విక్రయ దస్తావేజు నం. ... తేదీ ...న రిజిస్టరైనదని, తనఖా విడుదల పత్రం నం. ... తేదీ ...న నమోదైనదని ధ్రువీకరిస్తూ, రెండింటి నకళ్లను, తేదీ ... నాటి ఈసీని జతపరుస్తున్నాము. ఖాతాలోని 55,65,000 రూపాయలలో 54,65,000 రూపాయలు (యాభై నాలుగు లక్షల అరవై ఐదు వేలు) ఒప్పందం అనుబంధంలో పేర్కొన్న విక్రేత ఖాతాకు బదిలీ చేయగలరు. 1,00,000 రూపాయలను స్వాధీన పత్రంపై ఉభయుల సంతకాలు అందేవరకు ఖాతాలోనే ఉంచగలరు.”

విక్రేత ఖాతా నంబరును లేఖలో కొత్తగా రాయకుండా అనుబంధానికే ముడిపెట్టడం కావాలని చేసినదే. నంబరు మారిందంటూ దొంగ మెయిల్ ఒకటి మధ్యలో వచ్చినా, ఇరుపక్షాలూ అనుబంధాన్ని సవరించి సంతకాలు చేయనిదే బ్యాంకు మరో ఖాతాకు పంపడానికి వీలుండదు. మీ ఒప్పందంలో ఉమ్మడి సంతకాలు అడిగి ఉంటే, కొన్నవారి సంతకం కూడా అయ్యాకే లేఖ పంపండి. నా లేఖ తిరిగి రావడానికి రెండో కారణం అదే.